రాత్రిపూట కుక్క మొరిగినట్టు దగ్గు: దగ్గు కాదు, ఊపిరి వినండి

ప్రశ్న: మా బాబుకి 20 నెలలు, 11 కిలోలు. రెండు రోజులుగా జలుబు, ఒళ్ళు కొంచెం వెచ్చన. నిన్న రాత్రి పన్నెండున్నరకి ఉన్నట్టుండి లేచి కుక్క మొరిగినట్టు దగ్గాడు. ఏడ్చి ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో గీపెట్టినట్టు శబ్దం. అరగంటకి తగ్గి పడుకున్నాడు. పొద్దున లేచి మామూలుగా ఆడుకుంటున్నాడు, గొంతు మాత్రం బొంగురు. మా అత్తగారు కోరింత దగ్గేమో అంటున్నారు. ఇంట్లో నెబ్యులైజర్ ఉంది. రాత్రికి మళ్ళీ వస్తే ఏం చేయాలి? ఎప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాలి?

జవాబు:

అమ్మా, పొద్దున బాగానే ఉన్నాడు కదా అని ఆగకండి. ఇవాళ పొద్దుగూకేలోపే పిల్లల డాక్టరుకి చూపించండి. మీరు రాసినదాన్ని బట్టి ఇది దాదాపుగా క్రూప్, అంటే వైరస్ వల్ల గొంతు కింద గాలి గొట్టం మొదట్లో వాచే జబ్బు. పగలంతా ఏమీ ఎరగనట్టుండి, రాత్రి పదీ పదకొండు దాటాక తిరగబెట్టడం దాని తీరు. మొదటి రాత్రికంటే రెండో రాత్రి ఎక్కువైన పిల్లల్ని నేను చాలామందిని చూశాను. దీనికి పనిచేసే మందు ఒక్కటే మోతాదు. అది రాత్రి ఒంటిగంటకి క్యాజువాలిటీలో పడేకంటే సాయంత్రమే కడుపులో పడితే ఆ రాత్రి మీరూ నిద్రపోతారు, వాడూ నిద్రపోతాడు.

అత్తగారి అనుమానానికి ముందు జవాబు చెప్తాను. కోరింత దగ్గులో పిల్లాడు ఊపిరి తీసుకునే సందు లేకుండా పది పదిహేను దగ్గులు వరసగా దగ్గి, ముఖం ఎర్రబడి, చివర్లో ఒక్కసారి గట్టిగా ఊపిరి లాక్కుంటాడు, చాలాసార్లు కక్కేస్తాడు కూడా. అది వారాల తరబడి సాగుతుంది. క్రూప్‌లో గొంతు బొంగురుపోతుంది, దగ్గు ఒక్కొక్కటిగా ఖంగుమంటూ మొరిగినట్టు వస్తుంది, మూడు నాలుగు రోజుల్లో చాలావరకు తగ్గిపోతుంది. ఎక్కువగా ఆరు నెలల నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకి వస్తుంది. పారాఇన్‌ఫ్లుయెంజా అనే జలుబు వైరస్ దీనికి ముఖ్య కారణం. అందుకే యాంటీబయోటిక్ వేసినా దీనికి ఉపయోగం లేదు.

లోపల జరిగేది ఇది. స్వరపేటికకి సరిగ్గా కింద, గాలి గొట్టం మొదట్లో, చుట్టూ ఉంగరంలా గట్టి మృదులాస్థి ఉంటుంది. అది సాగదు. వైరస్ వల్ల ఆ ఉంగరం లోపలి పొర వాస్తుంది. బయటికి పోయే దారి లేదు కాబట్టి వాపంతా లోపలికే వస్తుంది, ఉప్పునీళ్ళ బోరు పైపులో గార పట్టి లోపల సందు సన్నబడినట్టు. చంటిపిల్లల్లో ఆ సందు అడ్డంగా సుమారు 4 మిల్లీమీటర్లు. చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాస్తే మిగిలేది 2. అంటే గాలి పోయే చోటు నాలుగో వంతుకి పడిపోతుంది. అదే వాపు మీకో నాకో వస్తే గొంతు బొంగురుపోయి ఊరుకుంటుంది.

ఇప్పుడు ఏడుపు సంగతి. పల్చటి స్ట్రాతో కొబ్బరినీళ్ళు మెల్లగా తాగితే వస్తాయి, గట్టిగా పీలిస్తే స్ట్రా గోడలు లోపలికి అతుక్కుని దారి మూసుకుంటుంది. పిల్లల మెత్తటి గాలి గొట్టమూ అంతే. ఏడ్చినప్పుడు గట్టిగా పీలుస్తారు, సన్నటి దారి ఇంకా సన్నమవుతుంది, ఊపిరాడక భయపడి ఇంకా ఏడుస్తారు. అందుకే ఈ జబ్బులో పిల్లాణ్ణి ఊరడించడం సగం వైద్యం. మాట వరసకి అనడం లేదు. మేం ఆస్పత్రిలో చేసే మొదటి పని కూడా అదే.

రాత్రి లేచినప్పుడు మీరు చూడాల్సింది దగ్గు ఎంత పెద్దగా ఉందని కాదు. దగ్గు ఇల్లంతా మార్మోగుతున్నా పిల్లాడు క్షేమంగా ఉండొచ్చు. చూడాల్సింది ఊపిరి, అదీ పిల్లాడు ఏడుపు ఆపి నిమ్మళంగా ఉన్నప్పుడు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఏడుపు ఆగాక, టీవీ, ఫ్యాను ఆపేసి చెవి పెట్టి వినండి. లోపలికి పీల్చేటప్పుడు శబ్దం వస్తోందా? తర్వాత చొక్కా పైకెత్తి ఫోను లైటు వెలుతురులో ఒక నిమిషం నిదానంగా చూడండి. గొంతు కింద, రెండు కంటె ఎముకల మధ్య చిన్న గుంట ఉంటుంది కదా, పీల్చినప్పుడల్లా అది లోపలికి పోతోందా? డొక్కలు ఎగరేస్తున్నాడా? పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతోందా?

దగ్గు ఉంది, ఏడ్చినప్పుడో పరిగెత్తినప్పుడో మాత్రమే శబ్దం వస్తోంది, ఊరుకోగానే పోతోంది, గుంట లోపలికి పోవడం లేదు, నీళ్ళో పాలో తాగుతున్నాడు అంటే అది తేలికపాటి క్రూప్. నిన్న రాత్రి మీ బాబుది ఇదే అనిపిస్తోంది. ఇంట్లో చూసుకుంటూ తెల్లారాక డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు. నిమ్మళంగా కూర్చున్నప్పుడు కూడా, లేదా నిద్రలో కూడా, పీల్చిన ప్రతిసారీ శబ్దం వస్తోందంటే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు, అప్పుడే బయల్దేరాలి. దానికి తోడు గుంట, డొక్కలు లోపలికి పోతుంటే అసలు ఆలోచించొద్దు.

ఒక విషయం దగ్గర చాలామంది తల్లిదండ్రులు మోసపోతారు. గంటసేపు గట్టిగా శబ్దం చేసిన పిల్లాడు మెల్లగా శబ్దం తగ్గి, తల వాల్చి, మగతగా పడుకుంటాడు. ‘అమ్మయ్య, తగ్గింది’ అనుకుంటారు. నిజంగా తగ్గితే డొక్కలు నెమ్మదిస్తాయి, ముఖం రంగు బాగుంటుంది, పిలిస్తే కళ్ళు తెరిచి చూస్తాడు. డొక్కలు ఎగరడం అలాగే ఉండి శబ్దం మాత్రం తగ్గిందంటే, పీల్చే ఓపిక అయిపోయిందని, శబ్దం చేసేంత గాలి కూడా పోవడం లేదని అర్థం. ఈ జబ్బులో అన్నిటికంటే ప్రమాదకరమైన ఘడియ అదే. పెదవులు, నాలుక నీలంగానో బూడిద రంగుగానో మారినా, ముఖం పాలిపోయి చెమటలు పట్టినా, ఎత్తుకున్నా ఊరుకోకుండా కొట్టుకులాడుతున్నా, ఏడవడానికి గొంతు పెగలకపోయినా, తట్టి లేపితే సరిగ్గా లేవకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ‘పిల్లాడికి ఊపిరి అందడం లేదు’ అన్న మాట ముందు చెప్పండి, తర్వాత మీ ఊరు, గుర్తు చెప్పండి.

కరోనా తర్వాత చాలా ఇళ్ళలో వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ ఉంటోంది. 97 చూపించింది, పర్వాలేదనుకున్నాం అని వచ్చినవాళ్ళున్నారు. క్రూప్‌లో ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, అడ్డం పై గొట్టంలో. పిల్లాడు అవస్థ పడుతూనే చివరిదాకా అంకెని నిలబెట్టుకొస్తాడు, పడిపోతే ఒక్కసారిగా పడిపోతుంది. పైగా పెద్దవాళ్ళ వేలికి చేసిన ఆ క్లిప్పు ఇరవై నెలల పిల్లాడి వేలికి సరిగ్గా పట్టదు. అంకె తక్కువ చూపిస్తే బయల్దేరండి. బాగుందని చూపిస్తే దాన్ని నమ్ముకుని ఆగొద్దు. కళ్ళతో డొక్కలు చూడండి.

ఇక ఇవాళ రాత్రి ఏం చేయాలో. మీరిద్దర్లో ఒకరు బాబు పక్కనే పడుకోండి. లేచి మొరిగినట్టు దగ్గగానే పెద్ద లైటు వేసి ఇంట్లో అందరూ చుట్టూ మూగకండి. మీరు కంగారు పడితే ఆ కంగారు వాడికి ఎక్కుతుంది. నిటారుగా భుజాన వేసుకోండి, లేదా ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. ఏ భంగిమలో హాయిగా ఉంటే అలాగే ఉండనివ్వండి, బలవంతంగా పడుకోబెట్టొద్దు. పాలు తాగే అలవాటుంటే రొమ్ము ఇవ్వండి. లేదంటే గోరువెచ్చని నీళ్ళు గుక్క గుక్కగా పట్టండి.

మంచు పట్టకుండా తలకి టోపీ పెట్టి కిటికీలన్నీ మూసేయడం మన అలవాటు. క్రూప్‌లో దానికి ఎదురు చేయాలి. ఒంటికి స్వెట్టరు వేసి, ముఖానికి ఏమీ అడ్డం లేకుండా, పావుగంటో అరగంటో డాబా మీదో వాకిట్లోనో చల్లగాలిలో ఎత్తుకుని తిప్పండి. స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో పిల్లల మీద చేసిన పరీక్షలో, మందు ఇచ్చాక అరగంట బయటి చల్లగాలిలో ఉంచిన పిల్లలకి గదిలో ఉంచినవాళ్ళకంటే త్వరగా ఉపశమనం వచ్చిందని 2023లో ప్రచురించారు. అక్కడి చలి 10 డిగ్రీల లోపు. మన కోస్తాలో అంత చలి ఎక్కడిది? కాబట్టి అంత ఫలితం ఆశించకండి. అయినా చీకట్లో చందమామను చూపిస్తూ తిప్పితే ఏడుపు ఆగుతుంది, ఈ జబ్బులో అదే పెద్ద లాభం. అమెరికాలోనో కెనడాలోనో ఉన్నవాళ్ళకి చలికాలంలో ఇది ఇంకా బాగా పనికొస్తుంది. పావుగంట తిప్పినా, నిమ్మళించాక కూడా శబ్దం ఆగకపోతే ఇంకో ప్రయత్నం చేద్దామని ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళండి.

జ్వరం ఉంటే పారాసెటమాల్ ఇవ్వొచ్చు. జ్వరం తగ్గితే ఊపిరి వేగం కూడా కాస్త తగ్గుతుంది. కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన 11 కిలోలకి 165 దాకా. సీసా మీద 5 మి.లీ.లో 250 మి.గ్రా. అని ఉంటే 3 మి.లీ. సరిపోతుంది. 5 మి.లీ.లో 120 అని ఉంటే 6.5 మి.లీ. మళ్ళీ ఇవ్వాలంటే ఆరు గంటలు ఆగాలి. చుక్కల మందు సీసాలో 1 మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. దాన్ని సిరప్ అనుకుని చెంచాతో పోయకండి, ఈ పొరపాటు అర్ధరాత్రి నిద్రమత్తులోనే జరుగుతుంది.

ఆవిరి పట్టొద్దు. వేడి ఆవిరి ఈ వాపుని తగ్గించదని పరిశోధనల్లో తేలింది. పైగా పిల్లాడు ఒళ్ళో గింజుకుంటుంటే మరిగే నీళ్ళ గిన్నె ఒరిగి తొడలు కాలిన పిల్లల్ని నేను డ్రెస్సింగ్ చేశాను. సాంబ్రాణి పొగ, దోమల చుట్ట, అగరొత్తులు ఈ నాలుగు రోజులూ ఆ గదిలో వద్దు. దోమలుంటే తెర కట్టుకోండి. కర్పూరం కలిపిన కొబ్బరినూనె రుద్దడం, ముక్కు దగ్గర కర్పూరం పెట్టడం కూడా వద్దు. కర్పూరం కడుపులోకి పోతే చిన్నపిల్లలకి ఫిట్స్ వస్తాయి. దగ్గు సిరప్‌లు వద్దు. మత్తు కలిగించే సిరప్ తాగించి పడుకోబెడితే, ఇందాక చెప్పిన అలసట మగతేదో మందు మగతేదో మీరు తెలుసుకోలేరు.

నెబ్యులైజర్ గురించి అడిగారు. ఇంట్లో ఉండే సాల్బుటమాల్ మందు కింది ఊపిరి గొట్టాలు బిగుసుకున్నప్పుడు, అంటే పిల్లికూతలు వచ్చినప్పుడు పనికొస్తుంది. పిల్లికూతలు ఊపిరి వదిలేటప్పుడు ఈల వేసినట్టు వినిపిస్తాయి. క్రూప్ శబ్దం పీల్చేటప్పుడు గొంతులోంచి వస్తుంది. చోటు వేరు, మందు వేరు. మాస్కు అదిమిపెట్టి ఏడిపిస్తే మేలుకంటే కీడే ఎక్కువ.

కిందటి చలికాలం వచ్చిన ఒక పాప సంగతి చెప్తే మందులు ఎలా పనిచేస్తాయో తెలుస్తుంది. 23 నెలలు, 12 కిలోలు, మాకు 35 కిలోమీటర్ల దూరంలోని పల్లె. మొదటి రాత్రి అచ్చం మీ బాబులాగే గడిచింది. పొద్దున పాప అన్నం తిని ఆడుకుంది కాబట్టి ఎవరికీ చూపించలేదు. రెండో రాత్రి పదకొండుకి మొదలైంది. ఇంట్లో ఆవిరి పట్టారు, పాప గింజుకుని ఏడ్చింది, శబ్దం పెరిగింది. బైకు మీద అమ్మానాన్నల మధ్య కూర్చోబెట్టి, చలి అని దుప్పటి ముఖం మీదికి కప్పి తీసుకొచ్చారు. ఒంటిగంటకి దుప్పటి తీసి చూస్తే, ఏడవకుండా ఉన్నా పీల్చిన ప్రతిసారీ శబ్దం, గొంతు కింద గుంట లోపలికి, డొక్కలు ఎగరేస్తోంది. పెదవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి, నన్ను చూసి అమ్మ మెడ గట్టిగా వాటేసుకుంది. అది చూసి నాకు ధైర్యం వచ్చింది. మనిషిని గుర్తుపట్టి భయపడే ఓపిక ఇంకా ఉందన్నమాట.

ఆ పాపని మంచం మీద పడుకోబెట్టలేదు, సూది వేయలేదు, గొంతులోకి చూడలేదు, ఎక్స్‌రేకి పంపలేదు. అమ్మ ఒళ్ళోనే ఉంచాం. వాపు తగ్గించే డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్ కిలోకి 0.6 మి.గ్రా. లెక్కన 7.2 మి.గ్రా. కావాలి. ఇంజెక్షన్ సీసాలో మి.లీ.కి 4 మి.గ్రా. ఉంటుంది కాబట్టి 1.8 మి.లీ. తీసి, పంచదార నీళ్ళలో కలిపి నోట్లో పోశాం. నోటి ద్వారా ఇచ్చినా సూదితో సమానంగా పనిచేస్తుంది, ఏడుపు ఉండదు. తేలికపాటి క్రూప్‌కి కిలోకి 0.15 మి.గ్రా. కూడా చాలునని చాలాచోట్ల ఇస్తారు. అయితే ఆ మందు వాపు తగ్గించడానికి గంట, రెండు గంటలు పడుతుంది. ఆలోపు ఆసరాగా అడ్రినలిన్ 5 మి.లీ. నెబ్యులైజర్‌లో పెట్టి, మాస్కు అమ్మ చేతికే ఇచ్చి ముఖానికి దగ్గరగా పట్టుకోమన్నాం. పావుగంటలో శబ్దం సగానికి తగ్గింది, పాప నిద్రలోకి జారింది. వాళ్ళ నాన్న ‘ఇంక వెళ్ళమంటారా సార్?’ అన్నాడు. ఆపాను. అడ్రినలిన్ బలం రెండు గంటలే, అది దిగాక వాపు మళ్ళీ పైకి రావొచ్చు, ఆ సమయంలో దారి మధ్యలో ఉండకూడదు. మూడున్నరకి లేచి ఏడ్చినప్పుడు కొంచెం శబ్దం వచ్చింది, ఊరుకున్నాక లేదు. అప్పటికి స్టిరాయిడ్ పని మొదలైంది. ఆరింటికి టీ తాగి ఇంటికి బయల్దేరారు. మూడో రాత్రి మొరిగినట్టు దగ్గింది కానీ శబ్దం రాలేదని ఫోన్ చేసి చెప్పారు.

‘స్టిరాయిడా?’ అని భయపడకండి. ఒక్క మోతాదు రెండు మూడు రోజులు పనిచేస్తుంది, ఎదుగుదల ఆగడాలు, ముఖం ఉబ్బడాలు నెలల తరబడి వాడినవాళ్ళకి వచ్చే బాధలు. కానీ ఈ లెక్క చదివి షాపులో కొని మీరే వేయకండి. ఇది క్రూపే అని ఒకరు చూసి తేల్చాలి, ఎందుకంటే క్రూప్‌లా కనిపించేవి ఇంకొన్ని ఉన్నాయి.

వాటిలో మొదటిది గొంతులో అడ్డం పడిన గింజ. జలుబూ జ్వరమూ లేకుండా, పల్లీలో, శనగలో, సీతాఫలమో తింటూ ఆడుకుంటూ ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరై దగ్గు మొదలైతే, తర్వాత సర్దుకున్నట్టు కనిపించినా, క్రూప్ అనుకోకండి, నేరుగా పెద్దాస్పత్రికి తీసుకెళ్ళండి. నిన్న రాత్రికి ముందు బాబు చేతికి అలాంటివేమైనా అందాయేమో అందరినీ ఒకసారి అడగండి. రెండోది గొంతు పైభాగం వాచే బ్యాక్టీరియా జబ్బు. అందులో మొరిగే దగ్గు దాదాపు ఉండదు. జ్వరం మండిపోతుంది, మింగలేక చొంగ కారుతుంది, గడ్డం ముందుకి చాచి కూర్చుంటాడు, పడుకోమంటే పడుకోడు. అలాంటి పిల్లాడి నోట్లో చెంచా పెట్టి చూడబోతే ఊపిరి ఆగిపోవచ్చు. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే తీసుకెళ్ళాలి. మూడోది డిఫ్తీరియా, మన పెద్దలు కంఠసర్పి అనేది. గొంతులో బూడిద రంగు పొర, మెడ వాపు ఉంటాయి. ఆరు, పది, పద్నాలుగు వారాలకి వేసే పెంటావాలెంట్ టీకా ఈ రెండు జబ్బుల నుంచీ చాలావరకు కాపాడుతుంది. బాబు కార్డు తీసి మూడు మోతాదులూ పడ్డాయో లేదో చూడండి. 16 నుంచి 24 నెలల మధ్య వేసే డీపీటీ బూస్టర్ వయసు కూడా ఇదే. టీకాలు ఏవైనా తప్పిపోతే ఆ మాట డాక్టరుకి ముందే చెప్పండి.

ఇవాళ చీకటి పడకముందే రెండు పనులు చేసుకోండి. రాత్రంతా పిల్లల డాక్టరు, ఆక్సిజన్ ఉండే ఆస్పత్రి మీకు దగ్గర్లో ఏదో ఫోన్ చేసి కనుక్కోండి, అర్ధరాత్రి మూసిన గేటు ముందు నిలబడి వేరే ఆస్పత్రి వెతుక్కోకుండా. వెళ్ళాల్సి వస్తే ఎవరి బండి, ఎవరు నడుపుతారు, ఎవరు ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారు అన్నది తేల్చుకోండి. నడిపేవాళ్ళు ఒకరు, బాబు ఊపిరి చూస్తూ కూర్చునేవాళ్ళు ఇంకొకరు ఉండి తీరాలి. శబ్దం వచ్చినప్పుడు వీలైతే ఒక అరనిమిషం వీడియో తీయండి, ముఖమూ పొట్టా రెండూ కనిపించేలా. మీరు వచ్చేసరికి బాబు నవ్వుతూ కూర్చున్నా, ఆ వీడియో చూస్తే మాకు సగం సంగతి తెలిసిపోతుంది.

మందు పడ్డాక కూడా నిమ్మళంగా ఉన్నప్పుడు శబ్దం తిరిగి వస్తే, ఎనిమిది గంటలైనా డైపర్ తడవకపోతే, నాలుగో రోజు జ్వరం తగ్గకపోగా పెరిగితే మళ్ళీ చూపించాలి. ఆ మూడూ లేకపోతే బొంగురు గొంతు, కాస్త దగ్గు వారం పాటు ఉన్నా ఫర్వాలేదు. డాక్టరు చూశాక ఏమన్నారో, రాత్రి ఎలా గడిచిందో ఇక్కడే రాయండి, చూస్తాను.